ఆరో కప్పు

చిన్నీకి, బాబీకి,

మొన్న సెలవుల్లో అటక మీంచి దించిన టీ సెట్‌ని, పాత సామాను కొనే ఆయన చూసి వెళ్లాడు గదా. నిండుగా ఉంటే ఆరు వేలు ఇచ్చేవాడినన్నాడు, ఒక కప్పు లేదు కాబట్టి మూడు వేలే అన్నాడు. "పదిహేనింటిలో ఒక్కటి పోతే నాలుగు వందలే తగ్గాలి కదా తాతయ్యా, మోసం చేస్తున్నాడా?" అని బాబీ అడిగాడు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఆయన మోసం చేయలేదు. ఆరు కప్పులు, ఆరు సాసర్లు, కెటిల్, పాలజగ్గు, చక్కెర గిన్నె: ఇవి పదిహేను. కానీ కొనేవాళ్లు పదిహేను వస్తువులు కొనరు, ఆరుగురికి ఒకేసారి టీ ఇవ్వగల ఏర్పాటు కొంటారు. ఒక కప్పు పోగానే ఆ ఏర్పాటు పోతుంది. ఐదుగురికి సెట్ కావాలని ఎవరూ రారు, కాబట్టి మనది నలుగురి సెట్ అయిపోతుంది. పైన మిగిలేది ఒక జత, తోడు లేని ఒక సాసరు. పైగా ఆరోది కావాలంటే వెతికే శ్రమంతా కొన్నవాళ్ల మీదే పడుతుంది. ఎన్ని వారాలు తిరగాలో, అసలు దొరుకుతుందో లేదో తెలియదు. ఆ అనుమానం ఖరీదే ఆయన ముందుగా కోసేసుకున్నాడు.

అదే కెటిల్ మూత పోయి ఉంటే ఇంకా తగ్గించేవాడు. పింగాణీ బట్టీలో కాలేటప్పుడు కుదించుకుపోతుంది, అన్నీ ఒక్క కొలతకే రావు. అందుకే అదే డిజైన్ మూత దొరికినా మన కెటిల్ మీద సరిగ్గా కూర్చోకపోవచ్చు. ఆ లెక్కన మనకు పోయింది కప్పు కావడం మేలు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. హైదరాబాద్ పురానాపూల్ దగ్గర గురువారం జరిగే జుమ్మెరాత్ బజార్‌లో విడి కప్పు యాభై రూపాయలకు దొరుకుతుంది. సాసరు లేని కప్పు ఎవరికీ పనికిరాదు కాబట్టి అంత చవక. కానీ అది మన సెట్‌దే అయితే, మనకు మాత్రం దాని విలువ దాదాపు మూడు వేలు.

మనదేనని ఎలా తెలుస్తుంది? ఒకసారి నేను అక్కడే మన నీలం పూల కప్పు చూసి, బోర్లించి అడుగున ముద్ర చూశాను. కంపెనీ ముద్ర అదే, పూలూ అవే, అంచున బంగారు గీతా ఉంది. సంతోషంగా కొనుక్కొచ్చాను. ఇంట్లో సాసరు మీద పెడితే గుంటలో అటూ ఇటూ కదిలింది. మన కప్పుల అడుగు గుండ్రం నాలుగున్నర సెంటీమీటర్లు, దానిది నాలుగే. అది అదే డిజైన్‌లో చేసిన చిన్న కాఫీ కప్పు. ఒకే డిజైన్‌ని కంపెనీలు వేరు వేరు ఆకారాల మీద వేస్తాయని, డిజైన్ కలిస్తే సరిపోదు, ఆకారమూ కలవాలని నాకు ఆరోజు తెలిసింది.

అప్పటినుంచి ఆ ఒంటరి సాసర్నే పాత తువ్వాలులో చుట్టి వెంట తీసుకెళ్తున్నాను. కప్పు దొరికితే దానిమీద పెట్టి తిప్పి చూడాలి. గుంటలో కదలకుండా కూర్చోవాలి. తర్వాత రెంటినీ పక్కపక్కన పెట్టి ఎండకు ఎత్తి చూడాలి. బోన్ చైనా అయితే వెలుగు పాల మీగడ రంగులో దిగుతుంది, మామూలు పింగాణీలో కొంచెం నీలంగా, బూడిదగా కనిపిస్తుంది. తెలుపులో తేడా ఉంటే, టీ పోసి వరసలో పెట్టినప్పుడు ఆ ఒక్క కప్పే కంటికి తగులుతుంది.

చివరగా కప్పును అరచేతిలో నిలబెట్టి, అంచు మీద గోటితో మెల్లగా కొట్టండి. గంటలా మోగితే మంచిది. టప్పుమని మొద్దుగా వినిపిస్తే కంటికి కనపడని పగులు ఉన్నట్టు, వేడి టీ పడితే అది పెరుగుతుంది. అలాంటిది ఎంత చవకైనా వద్దు.

బంగారు గీత గురించి మాత్రం టెన్షన్ పడకండి. మన ఐదు కప్పుల మీదా అది అరిగింది, కొత్తగా దొరికేదాని మీద మెరుస్తుండవచ్చు. ఆ తేడా చూసి ధర కొంచెం తగ్గిస్తారే గాని, సెట్ కాదనరు.

మూడు వేలకు ఇవ్వనని ఆయనతో చెప్పాను, ఇంకో ఏడాది వెతుకుతాను. ఈ కవర్లో ఒక గుండ్రటి కాగితం ముక్క పెడుతున్నాను, సాసరు గుంట కొలతకు కత్తిరించింది. మీ ఊళ్లో పాత సామాను కొట్ల వైపు వెళ్తే, నీలం పూల కప్పు కనిపించినప్పుడు దాని అడుగున ఇది పెట్టి చూడండి. సరిపోతే అడుగు ముద్రకు, పూలకు పగటి వెలుగులో చెరో ఫొటో తీసి నాకు పంపండి. నేను చూసి చెప్పేదాకా కప్పు పక్కన పెట్టమని కొట్టాయన్ని అడగండి.

మీ తాతయ్య