ఆదివారం తిన్న బొప్పాయి, మంగళవారం స్కానింగ్

"పిన్నీ, నిజం చెప్పు. ఆదివారం రెండు ముక్కలు బొప్పాయి పండు తిన్నాను. దానివల్లేనా?"

మా అక్క కూతురు ఫోన్‌లో అడిగిన మొదటి మాట ఇది. తనకి పది వారాలు దాటాయి. సోమవారం రాత్రి కొంచెం రక్తపు మరకలు కనిపించాయి. మంగళవారం స్కానింగ్ చేసి, బిడ్డ గుండె కొట్టుకోవడం లేదన్నారు. ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదుట. అత్తగారు మాత్రం ఒక్కసారి, "ఆ బొప్పాయి ఎవరు తెచ్చారమ్మా?" అని అడిగారుట. అప్పట్నుంచీ ఈ పిల్లకి నిద్ర లేదు.

రిపోర్టు ఫోటో పంపమన్నాను. ఆ కాగితంలో ఏముందో తర్వాత చెబుతాను. ముందు బొప్పాయి సంగతి. ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి నా మనసు అటే పోతుంది. పైగా ఈ నమ్మకానికి వేరు దొరికేది బొప్పాయి పాలలోనే.

పచ్చి బొప్పాయి తొక్క మీద గోటితో చిన్న గీత గీయండి. తెల్లటి పాలు బొట్లు బొట్లుగా ఉబికి వస్తాయి. తొక్క కిందే సన్నటి పాల నాళాలు వలలా అల్లుకుని ఉంటాయి. వాటిలో పాలు ఒత్తిడి మీద ఉంటాయి కాబట్టి చిన్న గాటు పడ్డా చిమ్ముతాయి. పపైన్ పొడి తయారుచేసేవాళ్ళు పొద్దున్నే తోటకి వెళ్ళి, చెట్టు మీదున్న పచ్చికాయలకు బ్లేడుతో పైపైన గాట్లు పెట్టి, కారిన పాలు పట్టి ఎండబెడతారు. ఎండెక్కితే చెట్టులో నీరు తగ్గి పాలు సరిగా కారవు. అందుకే పొద్దున్నే వెళ్ళాలి.

చెట్టుకి ఈ పాలెందుకు? లోపల గింజలు ఇంకా లేతగా ఉన్నాయి. అప్పుడే ఎవరైనా తినేస్తే చెట్టుకి నష్టం. ఈ పాలలో ఉండే పపైన్, కైమోపపైన్ లాంటి ఎంజైములు మాంసకృత్తులను ముక్కలు చేస్తాయి. కాయని కొరకబోయిన పురుగు కడుపుకే చేటు. హైదరాబాద్ వంటవాళ్ళు మటన్ మెత్తబడాలని పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తారే, అక్కడ పనిచేసేది కూడా ఇదే.

గింజలు ముదిరాక వ్యవహారం తిరగబడుతుంది. ఇప్పుడు పండుని పక్షులు తినాలి, గింజలు దూరంగా పడాలి. అందుకని కాయ పండుతున్నకొద్దీ పాల నాళాల పని ఆగిపోతూ వస్తుంది. బాగా పండిన బొప్పాయి తొక్కని గీరి చూడండి, నీటి చెమ్మే తప్ప పాలు రావు. అంటే పచ్చి బొప్పాయి, పండు బొప్పాయి ఒకే చెట్టువే అయినా, ఈ ఒక్క విషయంలో రెండు వేరు పదార్థాల కింద లెక్క. మన పెద్దవాళ్ళ మాటలో "బొప్పాయి" అనే ఒక్క పేరు కింద రెండూ కలిసిపోయాయి.

ఈ తేడానే సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో అదెబియి, అడైకన్, ప్రసాద్ అనే ముగ్గురు ఎలుకల మీద పరీక్షించి 2002లో ప్రచురించారు. గర్భంతో ఉన్న ఎలుకలకు నీళ్ళ బదులు పండు బొప్పాయి రసం పెట్టి, ఎన్ని పిల్లలు నిలిచాయో లెక్కపెట్టారు. నీళ్ళు తాగిన ఎలుకలకూ వీటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తర్వాత ఎలుక గర్భసంచి ముక్కని తీసి, ద్రవంలో వేలాడదీసి, దాని మీద పండు రసం పోశారు. అది కదల్లేదు. పచ్చికాయ పాలు కలిపేసరికి మాత్రం గట్టిగా ముడుచుకుంది. ప్రసవ సమయంలో నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ ఇచ్చినప్పుడు ముడుచుకున్నట్టే.

కాబట్టి పాత మాటలో నిజం లేకపోలేదు. అది పండులో లేదు, పాలలో ఉంది. పచ్చికాయని గర్భం పోగొట్టుకోవడానికి వాడటం మన దేశంలోనూ, ఆగ్నేయాసియాలోనూ పాత పద్ధతే. ఆ అనుభవం నుంచే ఈ భయం పుట్టి ఉంటుంది. పచ్చికాయ దాటి పండు దాకా ఎప్పుడు పాకిందో గానీ, పాకింది.

ఇక్కడ ఇంకో లెక్క కూడా వేయాలి. ఆ ప్రయోగంలో ఎలుక గర్భసంచి ముడుచుకున్న మోతాదుల్లో ఒకటి, మిల్లీలీటరు ద్రవానికి 0.8 మిల్లీగ్రాముల ఎండు పాలు. మనిషి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. రక్తంలో అదే చిక్కదనం రావాలంటే 4 గ్రాముల పాలపొడి, అంటే దాదాపు ఒక టీస్పూను, ఏమాత్రం చెడకుండా మొత్తం రక్తంలోకి చేరాలి. తిన్నది ముందు కడుపులోని ఆమ్లాన్ని దాటాలి, తర్వాత పేగుల్ని, తర్వాత కాలేయాన్ని. ప్రయోగంలో పాలు నేరుగా కండరాన్ని తాకాయి. తిన్నప్పుడు ఆ దారి చాలా దూరం. ఇంత లెక్క చెప్పినా, పచ్చికాయ, దోరకాయ గర్భిణి తినొద్దనే నేనంటాను. మనుషుల్లో ఎంత తింటే ఏమవుతుందో ఎవరూ కొలిచి చూడలేదు, చూడకూడదు కూడా. తినకపోతే పోయేదీ ఏమీ లేదు.

పండో దోరకాయో తెలియకపోతే తొడిమ దగ్గర చూడండి. పండడం కొస వైపు నుంచి మొదలవుతుంది, తొడిమ వైపు ఆఖరున పండుతుంది. అక్కడ ఇంకా ఆకుపచ్చగా ఉండి, గీరితే తెల్లగా వస్తే ఇంకో రెండు రోజులు ఆగండి. రబ్బరు గ్లవ్స్ తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్ళకి మాత్రం బొప్పాయి కూడా పడకపోవచ్చు. అది ఎలర్జీ, దానికి గర్భంతో సంబంధం లేదు.

అనాసపండు మీద అపవాదు ఇంకా బలహీనం. దీనిలోనూ మాంసకృత్తుల్ని తెంపే ఎంజైము ఉంది, బ్రొమెలైన్. అనాస ముక్కలు పెరుగులో కలిపి గంటసేపు ఉంచితే చేదెక్కుతుంది, చూశారా? అది బ్రొమెలైన్ పెరుగులోని మాంసకృత్తుల్ని ముక్కలు చేసిన ఫలితం. ఎక్కువ తింటే నాలుక మండడంలోనూ దీని వంతు ఉంది. ఇంత చురుకైనది గర్భాన్ని ఏం చేస్తుందో అనే భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఎక్కువ బ్రొమెలైన్ ఉండేది మొక్క కాండంలో. మాత్రల కోసం తీసేదీ అక్కడినుంచే. పండు ముక్కల్లో ఉన్నది తక్కువ, అందులోనూ చాలాభాగం కడుపులో అరిగిపోతుంది. ఉడికిస్తే మొత్తం పోతుంది. గిన్నెలో వేలాడదీసిన గర్భసంచి ముక్క మీద అనాస రసం పోస్తే ముడుచుకుందని చెప్పే ప్రయోగాలు ఉన్నాయి. దానికీ బొప్పాయి దగ్గర చెప్పిన జవాబే. మామూలుగా ఒక కప్పు ముక్కలు తిన్నందువల్ల గర్భం పోయిందని చూపిన పరిశోధన లేదు. గర్భిణికి అనాసతో వచ్చే అసలు ఇబ్బంది గుండెల్లో మంట. రోడ్డు పక్క కోసి, ఉప్పూకారం చల్లి అమ్మే ముక్కలైతే ఆ కత్తి, ఆ నీళ్ళు అనుమానించాలి. బ్రొమెలైన్ మాత్రలు మాత్రం పండులాంటివి కావు. డాక్టరుని అడగకుండా వేసుకోవద్దు.

నువ్వుల కథ మాత్రం నాకు ఎప్పుడూ ఆసక్తిగానే ఉంటుంది, ఎందుకంటే అది పూర్తిగా మన ఇళ్ళల్లో కథ. ఆడపిల్ల పెద్దమనిషైతే నువ్వులు, బెల్లం కలిపి దంచి చిమ్మిలి ఉండలు పెడతారు. రక్తం బాగా పోవాలని, ఒంట్లో సత్తువ రావాలని. అదే ఆలోచనని తిప్పితే రెండో నియమం వస్తుంది. రక్తాన్ని తెప్పించేది కాబట్టి గర్భిణికి వద్దు, వేడి చేస్తుంది. వినడానికి ఒకదానికొకటి చక్కగా అతికే మాటలే.

నువ్వుల్లో లిగ్నాన్‌లు అనే మొక్కల పదార్థాలు ఉంటాయి, సెసమిన్ లాంటివి. పేగుల్లోని సూక్ష్మజీవులు వాటిని ఎంటెరోలాక్టోన్‌గా మారుస్తాయి. ఇది ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ని కాస్త పోలిన, చాలా బలహీనమైన పదార్థం. గర్భంలో ఒళ్ళే తయారుచేసుకునే హార్మోన్ల ముందు దీని బలం ఎంత? తిండిలోని నువ్వుల వల్ల గర్భం పోతుందని చూపిన ఆధారం లేదు.

ఆవకాయ జాడీ తెరిచి చూడండి. పైన తేలేది నువ్వుల నూనె. వేవిళ్ళతో ఏమీ సయించని అమ్మాయికి అన్నంలో ఆవకాయ కలిపి పెట్టే అత్తగారే చిమ్మిలి ఉండ చేతికి అందనివ్వదు. లిగ్నాన్‌లు గింజలోనే కాదు, నూనెలోనూ ఉంటాయి. తొక్కతో ఉన్న నువ్వులు 100 గ్రాముల్లో సుమారు 970 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అది పూర్తిగా ఒంటబట్టకపోయినా, రోజూ ఒక చెంచా నువ్వులపొడి అన్నంలో కలుపుకోవడం మంచి అలవాటే. నువ్వుల ఎలర్జీ ఉన్నవాళ్ళు మాత్రం దగ్గరికి రానివ్వకూడదు.

ఇప్పుడు ఆ రిపోర్టు. అందులో బిడ్డ పొడవు, అంటే తల నుంచి పిరుదుల దాకా, 12 మిల్లీమీటర్లు అని ఉంది. 12 మిల్లీమీటర్లంటే సుమారు ఏడున్నర వారాల బిడ్డ. తన నెల లెక్క ప్రకారం పది వారాలు దాటాయి. తేదీలు తప్పేమో అని కూడా చూశాను. మొదటి స్కానింగ్ ఆరున్నర వారాలకు చేయించారు, అప్పుడు బిడ్డ కొలత నెల లెక్కకి సరిపోయింది, గుండె కూడా కొట్టుకుంది. కాబట్టి లెక్క సరైనదే. బిడ్డ ఎదుగుదల ఏడున్నర వారాల దగ్గరే ఆగిపోయింది. కొన్ని సందర్భాల్లో ఎదుగుదల ముందే మందగించి, గుండె కొన్ని రోజుల తర్వాత ఆగుతుంది. అలా అనుకున్నా ఆ మందగింపు మొదలైంది రెండు వారాలకు ముందే. రక్తం కనిపించింది ఇప్పుడు గానీ, జరిగింది అప్పుడు. బొప్పాయి ఇంట్లోకి వచ్చింది మొన్న ఆదివారం.

తెలిసిన గర్భాల్లో దాదాపు నూటికి 10 నుంచి 20 తొలి నెలల్లోనే పోతాయి. అందులో సగానికి పైగా క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల. చాలావరకు అండం, వీర్యకణం కలిసే నాటికే ఆ తప్పు జరిగి ఉంటుంది, ఆ తర్వాత తల్లి ఏం తిన్నా అది మారదు. ఒక ఊళ్ళో వంద మంది గర్భిణులు ఒకే ఆదివారం బొప్పాయి పండు తిన్నారనుకుందాం. వాళ్ళల్లో పది నుంచి ఇరవై మందికి గర్భం పోతుంది. తినని వందమందిలోనూ అంతే. కానీ తిననివాళ్ళని ఎవరూ "ఏం తిన్నావు?" అని అడిగి కథ కట్టరు. తిన్నవాళ్ళ కథలే తరతరాలు నిలుస్తాయి. నా క్లాసుల్లో ఈ ఒక్క లెక్క చెప్పడానికి ఒక పీరియడంతా పట్టేది, అయినా సగం మంది నమ్మేవాళ్ళు కాదు.

ఈ రెండు తేదీలూ ఫోన్‌లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పిన్నీ, ఒక్క నిమిషం ఆగు" అని ఫోన్ స్పీకర్‌లో పెట్టి, "అత్తయ్యా, ఇలా వస్తారా?" అని పిలిచింది. "ఇందాక చెప్పింది మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

మళ్ళీ మొదట్నుంచి చెప్పాను.