జిమ్ ఆఫర్‌లో "షరతులు వర్తిస్తాయి": అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో చిన్న వ్యాపారాలకి పాంప్లెట్లు, ఫ్లెక్సీలు, వాట్సాప్ పోస్టుల మేటర్ రాయడం, ఎవరో రాసింది దిద్దడం నా పని. సిరిమాను పండగ ముందు జిమ్ ఆఫర్లు వరసగా వస్తాయి. వాటిలో ఒకటి తీసుకుని చెప్తాను. ముందువైపు పెద్దక్షరాల్లో "నెలకి 799 మాత్రమే!", పక్కన ఒక స్టార్, కింద చీమంత అక్షరాల్లో "షరతులు వర్తిస్తాయి". ఆ షరతులేమో వెనకవైపు, అదీ ఇంగ్లీషులో: జాయినింగ్ ఫీజు 1500, ఆరు నెలల లాకిన్, మధ్యలో మానేస్తే మిగతా నెలల డబ్బులన్నీ కట్టాలి, రిఫండ్ లేదు.

అపోహ: స్టార్ పెట్టాం కదా, మన బాధ్యత అయిపోయింది.

వాస్తవం: అవ్వలేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది ఉంది. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి, అక్షరాలు కూడా ప్రకటనలో ఉన్నట్టే ఉండాలి, కంటికి కనబడేచోట ఉండాలి. ముఖ్యమైన విషయం దాచడానికి, పైన చెప్పినదాన్ని కింద కాదనడానికి షరతుని వాడకూడదు. రేటు తెలుగులో రాసి షరతులు ఇంగ్లీషులో పడేస్తే అక్కడే తప్పింది.

అపోహ: నెలకి 799 అన్నది నిజమే కదా, అబద్ధం ఎక్కడుంది?

వాస్తవం: లెక్క కట్టి చూడండి. ఆరు నెలలకి 4794, జాయినింగ్ ఫీజు 1500, మొత్తం 6294. ఆరుతో భాగిస్తే నెలకి 1049 పడుతుంది. మొదటిరోజు కౌంటర్ దగ్గర కట్టాల్సింది 799 కాదు, 2299. ఇక్కడ చాలామంది కుర్రాళ్ళు కానిస్టేబుల్, ఆర్మీ ఫిజికల్ టెస్టుల కోసం రెండు మూడు నెలలు గట్టిగా చేసుకుందామని చేరతారు. అలాంటి కుర్రాడు మూడో నెలాఖరుకి మానేస్తే వెనకవైపు ఉన్న రూలు ప్రకారం ఆ 6294 మొత్తం కట్టాలి, అంటే వాడినన్నాళ్ళూ నెలకి 2098 పడినట్టు, పాంప్లెట్ చూసి 799 అనుకుని వచ్చినోడికి.

అపోహ: క్యాన్సిలేషన్ రూల్సు ఫారంలో ఉంటాయి, ఆఫర్‌లో ఎందుకు?

వాస్తవం: దిద్దేటప్పుడు నాకు ఎక్కువ పని పడేది ఇక్కడే. ఫారంలో "నోటీసు ఇవ్వాలి" అని ఉంది గానీ ఎవరికివ్వాలి, ఎన్నిరోజుల ముందు, నోరు తెరిచి చెప్తే చాలా, వాట్సాప్ పెట్టాలా అన్నది లేదు. ఓనరుగారిని అడిగితే ఆయనకీ ఖాయంగా ఒక రూలు లేదు, కౌంటర్లో ఎవరుంటే వాళ్ళు చెప్పిందే రూలు. రాద్దామని కూర్చున్నాకే అది బయటపడింది. ఇంకోటి, మెంబరు తన ఫోన్లో యూపీఐ ఆటోపే ఆపేసినంతమాత్రాన మెంబర్‌షిప్ రద్దయినట్టు కాదు, బాకీ అలాగే ఉండిపోతుంది. ఈ ముక్క తెలీకే గొడవలొస్తాయి కాబట్టి అది కూడా రాయాలి.

అపోహ: స్పష్టంగా రాసేస్తే ఏ రూలైనా చెల్లుతుంది.

వాస్తవం: లేదు, ఎడిటింగ్ చెయ్యగలిగేది ఉన్నదాన్ని కనబడేలా చెయ్యడం వరకే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందం అంటే ఏంటో చెప్పారు, జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేనంత జరిమానా వెయ్యడం కూడా అందులో ఉంది. మిగతా నెలలన్నీ కట్టించుకోవడం ఆ గీత దగ్గరకి వెళ్ళిపోతుందని ఓనరుగారికి చెప్పాను, ఆయన ఒప్పుకుని ఒక నెల ఫీజుకి తగ్గించారు.

అపోహ: "ఇయన్నీ రాసేస్తే ఎవడొస్తాడండీ బాబూ?"

వాస్తవం: ఆయన అడిగిందీ ఇదే. 799 చూసి వచ్చినోడికి కౌంటర్ దగ్గర 2299 అంటే కొందరు అక్కడినుంచే వెనక్కెళ్ళిపోతారు, మొహమాటానికి కట్టినోళ్ళు రెండో నెలలో గొడవకొస్తారు, ఊరు చిన్నది, మాట తొందరగా పాకిపోతుంది. నిజంగా భయమైతే దాచడం కాదు, జాయినింగ్ ఫీజు తగ్గించుకోండి.

చివరికి ముందువైపు ఇలా వచ్చింది, అన్నీ ఒకే సైజు అక్షరాలు:

"నెలకి 799, కనీసం 6 నెలలు. జాయినింగ్ ఫీజు ఒక్కసారి 1500, తిరిగి ఇవ్వబడదు. చేరేరోజు కట్టేది 2299. 6 నెలలకి మొత్తం 6294, జీఎస్టీ కలిపే. 6 నెలల్లోపు మానేస్తే అదనంగా ఒక నెల ఫీజు 799 కడితే చాలు. ఆపాలంటే తర్వాతి నెల ఫీజు తేదీకి 15 రోజుల ముందు కౌంటర్లో గానీ వాట్సాప్‌లో గానీ చెప్పండి, రసీదు ఇస్తాం. ఆటోపే ఆపినంతమాత్రాన మెంబర్‌షిప్ రద్దవదు."

ప్రింటుకి ఇచ్చేముందు ఆ జిమ్ సంగతి తెలీని మనిషి ఒకరికి ఇది చూపించి మూడే ప్రశ్నలు అడుగుతాను: ఈరోజు ఎంత కట్టాలి, ఎన్నాళ్ళు కట్టాలి, ఆపాలంటే ఏం చెయ్యాలి. ఏ ఒక్కదానికి తడబడినా, పేపరు తిప్పి వెనక వెతికినా ఆ లైను మళ్ళీ రాస్తాను. ఇదే పాంప్లెట్ వాట్సాప్ స్టేటస్‌కి వెళ్ళేటప్పుడు కింద భాగం కోసేస్తుంటారు, అందుకే 799 ఉన్న డబ్బాలోనే 1500, 6 నెలలు రెండూ ఉండాలని డిజైనరుకి ముందే చెప్పండి, అప్పుడు ఎక్కడ కోసినా మూడూ కలిసే వెళ్తాయి.