గుల్ల గోళాన్ని అడ్డంగా కోస్తే

పది సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న పలుచని లోహపు గుల్ల గోళం ఒకటి ఉందనుకుందాం. దాన్ని సరిగ్గా నడుము దగ్గర అడ్డంగా కోసి, రెండు సగాలనూ మళ్లీ అంచుకి అంచు ఆనించి, మొత్తాన్ని 3 లక్షల వోల్టులకు ఎక్కించాం. రెండు సగాల మీదా ఒకే రకం ఆవేశం ఉంది కాబట్టి అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పై సగాన్ని కింది సగం ఎంత బలంతో నెడుతోంది?

కూలుంబ్ సూత్రంతో నేరుగా మొదలుపెడితే, పై సగంలోని ప్రతి చిన్న ముక్కకీ కింది సగంలోని ప్రతి ముక్కకీ మధ్య బలం కనుక్కుని అన్నీ కూడాలి. చేయొచ్చు కానీ విసుగు పుడుతుంది. అందుకని చాలామంది ఓ అడ్డదారి తొక్కుతారు. గోళం వ్యాసార్థం R, మొత్తం ఆవేశం Q అయితే ఒక్కో సగానిది Q/2. దాన్ని ఆ సగం ఆవేశ కేంద్రంలో పెట్టేస్తారు. ఆ కేంద్రం గోళం మధ్యబిందువు నుంచి R/2 దూరంలో ఉంటుంది కాబట్టి రెండు కేంద్రాల మధ్య దూరం R. దీంతో వచ్చే జవాబు Q²/(16πε₀R²). చూడటానికి బాగానే ఉంటుంది, కానీ అసలు జవాబుకి సరిగ్గా రెట్టింపు. పూర్తి గోళాన్ని బయటి నుంచి చూసినప్పుడు ఆవేశమంతా మధ్యలో ఉన్నట్టు లెక్కకట్టొచ్చు. సగం గోళానికి ఆ వెసులుబాటు లేదు.

ఆవేశాల జోలికే పోకుండా చుట్టూ ఉన్న క్షేత్రాన్ని చూసి బలం చెప్పే పద్ధతి ఇంకొకటి ఉంది. విద్యుత్ క్షేత్ర రేఖలు పొడవునా బిగుసుకుని లాగుతుంటాయనీ, పక్కకి ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటాయనీ ఫారడే ఊహించాడు. ఆ ఊహకి మాక్స్‌వెల్ గణిత రూపం ఇచ్చాడు. అదే క్షేత్రపు స్ట్రెస్ టెన్సర్, తెలుగులో ప్రతిబల టెన్సర్:

T_ij = ε₀(E_i E_j − ½ δ_ij E²)

ఈ సూత్రాన్ని చూసి బెదరక్కర్లేదు. మన లెక్కకి ఇందులోంచి రెండే విషయాలు కావాలి. క్షేత్రం ఒక తలానికి నిటారుగా ఉంటే, ఆ తలం ప్రతి చదరపు మీటరు మీదా ε₀E²/2 లాగుడు ఉంటుంది. క్షేత్రం తలం వెంబడే పడుకుని ఉంటే, అంతే పరిమాణంలో తోపుడు ఉంటుంది. ఒక వస్తువు మీద మొత్తం బలం కావాలంటే దాన్ని పూర్తిగా చుట్టేసే మూసిన తలం ఒకటి ఊహించి, ఆ తలం మీది లాగుళ్లూ తోపుళ్లూ కూడాలి. ఆ తలం ఎక్కడ గీయాలన్నది మన ఇష్టం. ఈ పద్ధతి అందమంతా అక్కడే ఉంది.

మొదట పై సగాన్ని ఒంటికి అతుక్కుని ఉండేలా చుడదాం. పైన గోళానికి చర్మంలా ఒక అర్ధగోళం, అడుగున గుల్ల లోపల దాన్ని మూసే బల్లపరుపు బిళ్ల. గుల్ల లోపల క్షేత్రం సున్నా. కాబట్టి ఆ బిళ్ల మీద లాగుడూ లేదు, తోపుడూ లేదు. బయటి చర్మం మీద క్షేత్రం నిటారుగా ఉంది, E = Q/(4πε₀R²). ప్రతి చోటా లాగుడు ఒక్కటే, దిశలు వేరు. పక్కలకి లాగేవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, పైకి లాగే భాగమే మిగులుతుంది. దాన్ని కూడితే, నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఆ సగం నేల మీద వేసే నీడ వైశాల్యం వస్తుంది, అంటే πR². కాబట్టి

F = (ε₀E²/2) × πR² = Q²/(32πε₀R²)

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కింది సగమే కదా పై సగాన్ని నెడుతున్నది? మరి ఆ రెండిటి మధ్యలో ఉన్న బిళ్ల మీద ఏమీ లేకపోవడమేంటి, పైనుంచి ఎవరో లాగుతున్నట్టు లెక్క రావడమేంటి? 

దీనికి జవాబు కావాలంటే తలాన్ని మార్చి చూడాలి. ఈసారి గోళం నడుము గుండా పోయే సమతలాన్ని నాలుగు వైపులా అనంతం దాకా చాచుదాం. పైన చాలా దూరంలో ఒక పెద్ద అర్ధగోళంతో దాన్ని మూసేద్దాం. అంత దూరంలో క్షేత్రం ఎంత బలహీనమంటే దాని వాటా సున్నాకి పోతుంది. సమతలంలో గుల్ల లోపలి భాగం మళ్లీ సున్నాయే. మిగిలింది గుల్ల బయట ఉన్న సమతలం. అక్కడ క్షేత్ర రేఖలు సమతలంలోనే పడుకుని బయటికి పోతుంటాయి. అంటే ఇక్కడున్నది తోపుడు. కింది భాగపు క్షేత్రం పై భాగపు క్షేత్రాన్ని పైకి నెడుతోంది. క్షేత్రం 1/r² గా తగ్గుతుంది కాబట్టి తోపుడు 1/r⁴ గా తగ్గుతుంది. R నుంచి అనంతం దాకా వలయాలు వలయాలుగా కూడితే:

F = ∫ (ε₀E²/2) 2πr dr = (Q²/16πε₀) ∫ dr/r³ = Q²/(32πε₀R²)

మళ్లీ అదే జవాబు. ఒక తలం ప్రకారం అది పైనుంచి లాగుడు, ఇంకో తలం ప్రకారం కిందనుంచి తోపుడు. కింది సగం చేసే నెట్టుడు గుల్ల లోపలి ఖాళీ గుండా పోవడం లేదు, బయటి ఆకాశం మీదుగా చుట్టూ తిరిగి పైకి చేరుతోంది. అందులో నాలుగింట మూడు వంతులు గోళం మధ్యబిందువు నుంచి 2R దూరం లోపలే అందుతుంది.

ఇంకో సందేహం రావచ్చు. ఈ E రెండు సగాలదీ కలిపిన క్షేత్రం కదా, పై సగం తనని తాను నెట్టుకున్నదీ ఇందులో కలిసిపోలేదా? కలిసింది, కానీ ఆ వాటా సున్నా. పై సగంలోని ముక్కల మధ్య బలాలు జంటలు జంటలుగా, న్యూటన్ మూడో నియమం ప్రకారం రద్దయిపోతాయి. మిగిలేది కింది సగం ఇచ్చిందే.

పరీక్షల్లో ఎక్కువగా జారేది మాత్రం వేరే చోట. గుల్ల మీది ఆవేశాన్ని బయటి పూర్తి క్షేత్రం Eతో గుణించేస్తారు. గుల్ల మందంలో క్షేత్రం లోపల సున్నా నుంచి బయట E దాకా పెరుగుతుంది. ఆవేశానికి తగిలేది ఆ రెండిటి సగటు. ఆ ½ మరిచిపోతే జవాబు రెట్టింపవుతుంది. పై అడ్డదారిలో వచ్చిన తప్పూ ఇదే అంకె కాబట్టి, రెండు తప్పులు ఒకదాన్నొకటి సమర్థించుకుని ధైర్యం కూడా ఇస్తాయి. అనుమానం వస్తే శక్తితో సరిచూసుకోవచ్చు. గోళంలో దాగిన శక్తి Q²/(8πε₀R). వ్యాసార్థం కొంచెం పెరిగితే అది ఎంత తగ్గుతుందో చూసి, దాన్ని పెరిగిన ఘనపరిమాణంతో భాగిస్తే సరిగ్గా ε₀E²/2 వస్తుంది.

ఇప్పుడు మన గోళం సంగతి. 3 లక్షల వోల్టుల దగ్గర ఉపరితలం మీద క్షేత్రం మీటరుకు 30 లక్షల వోల్టులు. మామూలు గాలి తట్టుకునేది సుమారుగా అంతే, ఆపైన నిప్పురవ్వలే. ఆ స్థితిలో లాగుడు చదరపు మీటరుకి 40 న్యూటన్లు. నీడ వైశాల్యంతో గుణిస్తే 1.25 న్యూటన్లు, అంటే 125 గ్రాముల బరువు పైచిలుకు. అదే గోళంలోంచి గాలి తోడేస్తే వాతావరణం ఆ రెండు సగాలనూ దాదాపు 3,200 న్యూటన్లతో అదిమిపెడుతుంది.

సూత్రంలో Q బదులు పొటెన్షియల్ V పెడితే F = πε₀V²/2 వస్తుంది. R మాయమైపోతుంది! గోళం ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదు, ఎన్ని వోల్టులన్నదే లెక్క. 1930ల్లో రాబర్ట్ వాన్ డి గ్రాఫ్ అమెరికాలో కట్టిన పెద్ద యంత్రానికి 15 అడుగుల వ్యాసమున్న గోళాలుండేవి. అంత గోళం ఒంటరిగా 25 లక్షల వోల్టుల దగ్గర ఉంటే దాని సగాల మధ్య బలం 87 న్యూటన్లు. ఆవగింజంత గోళాన్ని అన్ని వోల్టులకు ఎక్కించగలిగినా 87 న్యూటన్లే వచ్చేవి, కాకపోతే గాలి ఆ పని చేయనివ్వదు.

ఈ జవాబు సగాలు ఆనుకుని ఉన్నంతసేపే. లోహపు సగాలు కొద్దిగా విడిపోయినా క్షేత్రం గోళాకారం కోల్పోతుంది, ఆవేశం ప్రతి సగం మీదా కొత్తగా సర్దుకుంటుంది. మూసిన తలం గీసి కూడే పద్ధతి అప్పుడూ పనిచేస్తుంది, కానీ ఆ తలం మీద E ఎంతో ముందు వేరేగా కనుక్కోవాలి. గోళంలో ఆ కష్టం లేకుండా చేసింది దాని సౌష్ఠవమే.