తెలుగు జవాబుల్లో చెరగని నక్షత్రాలు: మార్క్‌డౌన్ నేపథ్యం

పత్తి తీతలు మొదలయ్యాక ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తెచ్చే రైతులు ఎక్కువగా అడిగేది తేమ గురించే. ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ 8 శాతం వరకు తేమ ఉన్న పత్తికి పూర్తి మద్దతు ధర ఇస్తుంది, ఆపైన 12 శాతం వరకు ధరలో కోత పెట్టి కొంటుంది. ఈ ప్రశ్నలకు తెలుగులో జవాబిచ్చే చాట్‌బాట్ తెరను హనుమకొండలో తయారుచేస్తున్నప్పుడు మాకు ఎదురైన జవాబు ఇది:

```
తేమ **8%**కి మించితే ధరలో కోత పడుతుంది, **12%** దాటితే కొనరు.
```

చాట్‌బాట్ వెనకున్న మోడల్ జవాబులను మార్క్‌డౌన్ అనే గుర్తుల రాతలో ఇస్తుంది. అందులో రెండేసి నక్షత్రాల మధ్య రాసినది ముద్దక్షరాల్లో కనిపించాలి. తెరపై 12% ముద్దక్షరాల్లో చక్కగా కనిపించింది కానీ, 8% చుట్టూ నక్షత్రాలు అలాగే మిగిలిపోయాయి. రెండూ ఒకే తీరుగా రాసినవే అయినా ఒకటి కుదిరి మరొకటి ఎందుకు చెడిందో తెలియాలంటే ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

జాన్ గ్రూబర్ 2004లో మార్క్‌డౌన్‌ను విడుదల చేసినప్పుడు, మనిషి పూర్తిగా రాసి ముగించిన వ్యాసాన్ని వెబ్ పేజీగా మార్చడమే దాని పని. అందులో పట్టికలు లేవు. కోడ్‌ను నాలుగు ఖాళీలు వదిలి రాయాల్సి వచ్చేది. తప్పు రాస్తే హెచ్చరించే పద్ధతి కూడా లేదు: నియమానికి సరిపోని గుర్తు ఏదైనా మామూలు అక్షరంగానే మిగిలిపోతుంది. చాట్ తెరల్లో ఈనాడు కనిపించే చెదిరిన రూపాలకు చాలావరకు మూలం ఈ మౌనమే.

ఆ తొలి ప్రోగ్రామ్‌కు పై వాక్యం ఇస్తే 8% కూడా ముద్దక్షరాల్లోనే వచ్చేది, ఎందుకంటే రెండు జతల నక్షత్రాల లోపలి అంచుల్లో ఖాళీ లేకపోతే చాలని అది భావించేది. అయితే ఎవరికి వారు ప్రోగ్రామ్‌లు రాసుకోవడంతో ఒకే రాత ఒక్కోచోట ఒక్కోలా కనిపించసాగింది. ఆ తేడాలను తొలగించడానికి 2014లో కామన్‌మార్క్ అనే ఉమ్మడి నిర్దేశం వచ్చింది. `*(*foo*)*` లాంటి రాతలో ఏ నక్షత్రం తెరిచేదో ఏది మూసేదో తేల్చడానికి, అది గుర్తుకు ఇరువైపులా ఉన్న అక్షరాలను చూడాలని నిర్ణయించింది. మూసే గుర్తుకు ముందు విరామ చిహ్నం ఉంటే, దాని తర్వాత ఖాళీ గానీ మరో విరామ చిహ్నం గానీ ఉండి తీరాలి. శాతం గుర్తు కూడా ఈ లెక్కలో విరామ చిహ్నమే.

ఇంగ్లీషులో మాట తర్వాత సాధారణంగా ఖాళీ వస్తుంది కాబట్టి ఈ నియమం అక్కడ పెద్దగా అడ్డు కాదు. తెలుగులో మాత్రం కి, లో, తో లాంటి విభక్తి ప్రత్యయాలు మాటకు అతుక్కునే ఉంటాయి. 8% తర్వాతి నక్షత్రాలకు ముందు శాతం గుర్తు, వెనుక ‘కి’ ఉన్నాయి కనుక వాటిని కామన్‌మార్క్ మూసే గుర్తుగా ఒప్పుకోదు. 12% తర్వాత ఖాళీ ఉంది కనుక అది గట్టెక్కింది. `**మార్కెట్**లో` అని రాస్తే ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే అక్కడ నక్షత్రాల ముందున్నది విరామ చిహ్నం కాదు.

పట్టికల చరిత్ర వేరు. అనుబంధ ప్రోగ్రామ్‌ల ద్వారా వ్యాపించిన నిలువు గీతల పట్టికకు గిట్‌హబ్ 2017లో ప్రకటించిన నిర్దేశంలో కచ్చితమైన నియమాలు వచ్చాయి. శీర్షిక వరుసలో మూడు గడులుంటే దాని కింది అడ్డగీతల వరుసలోనూ మూడే ఉండాలి. ఒకటి తగ్గినా అది పట్టికే కాదు, గీతల పేరాగా మిగులుతుంది. 2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక జవాబు ముక్కలు ముక్కలుగా తెరపైకి రావడం మొదలైంది. అడ్డగీతల వరుస వచ్చేదాకా శీర్షిక వరుస మామూలు వాక్యంలా కనిపించి, తర్వాత ఒక్కసారిగా పట్టికగా మారుతుంది. అందుకే జవాబు పూర్తయ్యేదాకా ఆగి చూడాలి: అప్పటికి సర్దుకుంటే అది రాకలోని ఆలస్యం, అప్పటికీ గుర్తులు మిగిలితే నియమంతో వచ్చిన చిక్కు.

నక్షత్రాల విషయంలో మేము చేసిన సవరణ, ప్రత్యయాన్ని కూడా ముద్దక్షరాల్లోకి జరపడం:

```js
text.replace(/([%)])\*\*([\u0C00-\u0C7F]+)/g, "$1$2**")
```

దీనితో `**8%**కి` కాస్తా `**8%కి**` అవుతుంది. ఉద్ధరణ చిహ్నాన్ని `[%)]` అనే జాబితాలో కావాలనే చేర్చలేదు. నిటారు ఉద్ధరణ చిహ్నం తెరిచేదైనా మూసేదైనా ఒకేలా ఉంటుంది కాబట్టి, `"**పత్తి**"` లాంటి సరైన రాతను కూడా ఈ సవరణ చెడగొట్టేది.

ఈ సవరణ కోడ్ భాగాలను ముట్టుకోకూడదు. పైథాన్‌లో `**` అంటే ఘాతం. అయితే కోడ్ ఎక్కడ ముగిసిందో తేల్చడమూ అంత సులువు కాదు. మూడు బ్యాక్‌టిక్‌లతో తెరిచిన భాగం లోపల నమూనాగా, భాష పేరుతో తెరిచిన మరో కోడ్ భాగం ఉంటే, లోపలి దాన్ని మూసే వరుసే బయటి దాన్నీ మూసేస్తుంది. ఆ తర్వాత బయటి దాన్ని మూయడానికి రాసిన వరుస కొత్త భాగాన్ని తెరుస్తుంది, జవాబు చివరిదాకా ఉన్నదంతా కోడ్‌గా మారిపోతుంది. బయట నాలుగు బ్యాక్‌టిక్‌లు వాడితే ఇది రాదు, ఎందుకంటే మూసే వరుసలో కనీసం తెరిచినన్ని ఉండాలి. ఆ నాలుగు రాయాల్సింది మాత్రం జవాబిచ్చే మోడలే. తెర తయారుచేసేవారి చేతిలో అది లేదు.