తామర అనుకున్న మచ్చ

గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్‌లో ఉంటున్న ఇరవై ఏళ్ల కుర్రాడనుకోండి. స్నానం చేస్తుంటే పక్కటెముకల మీద కోలగా, 4 సెంటీమీటర్ల మచ్చ కనిపించింది. దురద పెద్దగా లేదు. మన ఎండకీ చెమటకీ ఇలాంటిది వస్తే అందరూ అనేది ఒకటే మాట, తామర. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు పది రోజులు రాశాడు. మచ్చ తగ్గకపోగా ఛాతీ, పొట్ట, వీపు నిండా చిన్న మచ్చలు తేలాయి. టెన్షన్‌తో ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ, "వేడి చేసిందిరా, మజ్జిగ తాగు" అంది.

ఇది పిటిరియాసిస్ రోజియా. పది నుంచి ముప్పై అయిదేళ్ల మధ్యవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. చాలామందిలో ముందు ఒక్క పెద్ద మచ్చ వస్తుంది, వారం రెండు వారాలకు మిగతావి వస్తాయి. ఆ మొదటి మచ్చను వెలుతురులో దగ్గరగా చూస్తే అంచుకు కాస్త లోపలగా పల్చటి పొట్టు రింగులా ఉంటుంది. ఆ పొట్టు బయటివైపు చర్మానికి అతుక్కుని, లోపలివైపు లేచి ఉంటుంది. తామరలో పొట్టు ఉబ్బిన అంచు మీదే ఉంటుంది. అయినా ఆ ఒక్క మచ్చ చూసి తేల్చడం డాక్టరుకూ కష్టమే. అనుమానముంటే పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. తామరైతే ఫంగస్ పోగులు కనబడతాయి.

చిన్న మచ్చలు వచ్చాక పని సులువు. చొక్కా విప్పించి వీపు చూస్తే చాలు. చర్మపు మడతల దారి వెంటే మచ్చలు కోలగా సాగుతాయి కాబట్టి, వెన్నెముక నుంచి రెండు వైపులా ఏటవాలుగా కిందికి దిగి, క్రిస్మస్ చెట్టు కొమ్మల్లా కనిపిస్తాయి. పుస్తకాల్లో గులాబీ రంగు అని ఉంటుంది గానీ, మన చామనఛాయ ఒంటి మీద అవి గోధుమగానో బూడిదగానో ఉంటాయి.

చిన్నప్పుడే ఒంట్లో చేరి నిద్రపోయే హెర్పిస్ జాతి వైరస్‌లు, వాటిలో 6వ, 7వ రకాలు, మళ్లీ లేవడమే కారణమని ఎక్కువమంది నిపుణుల అనుమానం. రూమ్మేట్లు దూరం జరగక్కర్లేదు. దురదకు మాత్ర, ఒంటికి మాయిశ్చరైజర్ చాలు. మొదటి కొన్ని వారాలు కొత్త మచ్చలు వస్తూనే ఉంటాయి, అప్పుడే జనం డాక్టర్లను మారుస్తారు. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అదే సర్దుకుంటుంది. నల్లటి మరకలు మాత్రం కొన్ని నెలలుంటాయి, అది జబ్బు మిగిలినట్టు కాదు. షాపుల్లో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు మాత్రం వద్దు. ఒకవేళ అది నిజంగా తామరే అయితే వాటితో ఇంకా ముదురుతుంది.

అరచేతుల్లో, అరికాళ్లలో కూడా మచ్చలుంటే డాక్టరు సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉందేమోనని వీడీఆర్ఎల్ రక్తపరీక్ష రాస్తారు. ఆ జబ్బు కూడా ఇలాగే వేషం వేస్తుంది కనుక సిగ్గుపడి పరీక్ష మానేయకూడదు. మూడు నెలలు దాటినా తగ్గకపోతే చిన్న చర్మం ముక్క తీసి పరీక్షిస్తారు. గర్భిణికి, ముఖ్యంగా మొదటి 15 వారాల్లో వస్తే, గర్భస్రావం జరిగిన సందర్భాలున్నాయి కాబట్టి ఆమె వెంటనే ప్రసూతి డాక్టరుకు చూపించుకోవాలి.