ఒకే టార్క్‌కు ఐదు రెట్ల కరెంట్ ఎందుకు?

మూడో ఏడాది మెషీన్స్ ల్యాబ్ వైవాలో ఇండక్షన్ మోటారు గురించి నన్నొక ప్రశ్న అడిగారు. "స్విచ్ వేసిన క్షణంలో రోటర్ ఇంకా కదల్లేదు. దానిలో పుట్టే వోల్టేజ్ అప్పుడే అన్నిటికన్నా ఎక్కువ, కరెంటూ అప్పుడే ఎక్కువ. మరి టార్క్ కూడా అప్పుడే ఎక్కువ ఉండాలి కదా, ఎందుకుండదు?" నేను టార్క్ ఫార్ములా గడగడా అప్పజెప్పాను. "ఫార్ములా నాకూ వచ్చు బాబూ, లోపల ఏం జరుగుతోందో చెప్పు" అన్నారు. నోట మాట రాలేదు.

ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే టార్క్-స్పీడ్ కర్వ్‌ను బట్టీ పట్టే పని ఉండదు. లెక్క తేలిగ్గా ఉండేలా ఒక మోటారును ఊహించుకుందాం. స్లిప్ రింగ్ ఇండక్షన్ మోటారు, 4 పోల్స్, సప్లై 50 హెర్ట్జ్. నేమ్ ప్లేట్ మీద 1440 ఆర్‌పీఎం అని ఉంది. రోటర్‌లో ఒక్కో ఫేజుకు రెసిస్టెన్స్ 0.2 ఓమ్, రోటర్ ఆగి ఉన్నప్పుడు రియాక్టెన్స్ 1 ఓమ్.

ముందు ఫీల్డ్ సంగతి. స్టేటర్‌లో కాయిల్స్ కదలవు, అయినా వాటి ఫీల్డ్ తిరుగుతుంది. దీన్ని నమ్మాలంటే కాగితం మీద రెండు క్షణాలు గీస్తే చాలు. మూడు ఫేజుల కాయిల్స్ 120 డిగ్రీల ఎడంతో ఉన్నాయి. A ఫేజ్ కరెంట్ శిఖరం మీద, అంటే 1 దగ్గర ఉన్నప్పుడు B, C రెండూ -0.5 దగ్గర ఉంటాయి. మూడు బాణాలనూ కలిపితే A దిశలో 1.5 వస్తుంది. ఇప్పుడు 30 డిగ్రీలు ముందుకు జరగండి. A 0.866కు తగ్గింది, B సున్నా అయింది, C -0.866కు చేరింది. C బాణం మైనస్ కాబట్టి తిరగేసి గీస్తే అది 60 డిగ్రీల దిశలో పడుతుంది. A బాణంతో కలిపితే మళ్ళీ అదే 1.5, కాకపోతే ఈసారి 30 డిగ్రీల దిశలో. పొడవు మారలేదు, దిశ మాత్రం కరెంట్ జరిగినంతే జరిగింది. ఏ రెండు ఫేజులను తారుమారు చేసినా మోటారు వెనక్కి ఎందుకు తిరుగుతుందో కూడా ఈ బొమ్మలోనే కనిపిస్తుంది.

4 పోల్స్ ఉంటే సప్లై రెండు సైకిళ్ళు పూర్తిచేసేసరికి ఫీల్డ్ ఒక చుట్టు తిరుగుతుంది. అంటే సెకనుకు 25 చుట్లు, నిమిషానికి 1500. ఇదే సింక్రనస్ వేగం. రోటర్‌కు బయటినుంచి కరెంట్ ఇవ్వడం లేదు. ఫీల్డ్ తనను దాటిపోతుంటేనే దాని తీగల్లో వోల్టేజ్ పుడుతుంది, ఆ వోల్టేజ్ వల్లే కరెంట్ వస్తుంది, ఆ కరెంట్ వల్లే ఫీల్డ్ వెంట పరుగు. నిజంగా ఫీల్డ్‌ను అందుకుందంటే ఇద్దరి మధ్యా కదలికే ఉండదు, వోల్టేజ్ సున్నా, టార్క్ సున్నా. అందుకే రోటర్ ఎప్పుడూ ఓ అడుగు వెనకే ఉంటుంది. మన మోటారు ఫుల్ లోడ్ మీద 60 ఆర్‌పీఎం వెనకబడింది. 1500లో 60 అంటే 4 శాతం. స్లిప్ 0.04.

స్లిప్‌ను కేవలం వెనకబాటుగా చూసి వదిలేస్తాం గానీ, అసలు దాని పని వేరే ఉంది. రోటర్‌లోని ఫ్రీక్వెన్సీని నిర్ణయించేది స్లిప్పే. రోటర్ ఆగి ఉన్నప్పుడు దానిలో 50 హెర్ట్జ్ కరెంట్, 1440 దగ్గర 50లో 4 శాతం, అంటే 2 హెర్ట్జ్. స్లిప్ రింగ్ మోటారులో దీన్ని కళ్ళారా చూడొచ్చు. రింగులను షార్ట్ చేసిన తీగ మీద పడే చిన్న వోల్టేజ్‌ను సెంటర్ జీరో మీటరుకు ఇస్తే ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. లోడ్ లేకుండా 1490 దగ్గర తిరుగుతుంటే నిమిషానికి సరిగ్గా 20 ఊపులు, మూడు సెకన్లకొకటి. వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. నాకు స్లిప్ అనేది అర్థమైంది డెఫినిషన్ చదివి కాదు, ఆ ముల్లు చూసి.

ఇప్పుడు వైవా ప్రశ్నకు వద్దాం. ఫ్రీక్వెన్సీ మారితే రెసిస్టెన్స్ మారదు, రియాక్టెన్స్ మారుతుంది. ఆగి ఉన్నప్పుడు 1 ఓమ్ ఉన్నది 2 హెర్ట్జ్ దగ్గర 0.04 ఓమ్. రోటర్ వోల్టేజ్ కూడా అదే వాటాలో తగ్గుతుంది. ఆగి ఉన్నప్పటి వోల్టేజ్‌ను E అనుకుని రెండు చోట్లా కరెంట్ లెక్కకడితే స్టార్టింగ్‌లో 0.98E, ఫుల్ లోడ్‌లో 0.196E వస్తుంది. స్టార్టింగ్ కరెంట్ ఐదు రెట్లు.

మరి టార్క్? రోటర్ తీగ మీద పడే బలం రెండిటి మీద ఆధారపడుతుంది: తీగలో కరెంట్, ఆ క్షణాన ఆ తీగ ఉన్నచోట ఫీల్డ్. ఫీల్డ్ శిఖరం తీగ మీదుగా పోతున్నప్పుడే తీగలో వోల్టేజ్ శిఖరానికి చేరుతుంది. రెసిస్టెన్స్ మాత్రమే ఉంటే కరెంట్ కూడా అప్పుడే శిఖరానికి వచ్చేది, బలమంతా దక్కేది. కానీ రియాక్టెన్స్ కరెంట్‌ను ఆలస్యం చేస్తుంది. స్టార్టింగ్‌లో రెసిస్టెన్స్ 0.2, రియాక్టెన్స్ 1. ఆలస్యం దాదాపు 79 డిగ్రీలు. తీగలో కరెంట్ పూర్తిగా వచ్చేసరికి ఫీల్డ్ శిఖరం 79 డిగ్రీలు దాటిపోయి ఉంటుంది, తీగ ఉన్నచోట ఫీల్డ్ పలచబడిపోయి ఉంటుంది. బస్సు వెళ్ళిపోయాక స్టాపుకు చేరినట్టే. కొన్ని తీగల్లోనైతే ఫీల్డ్ దిశ మారిపోయాక కూడా పాత కరెంటే పారుతూ రోటర్‌ను వెనక్కి తోస్తుంది. ఫుల్ లోడ్ దగ్గర ఆలస్యం 11 డిగ్రీలే. కరెంట్ తక్కువైనా దాదాపు అంతా పనికొస్తుంది.

ఎంత కరెంట్ పనికొస్తుందో చెప్పేది ఆ కోణపు కొసైన్. స్టార్టింగ్‌లో 0.98ని 0.196తో గుణించాలి. ఫుల్ లోడ్‌లో 0.196ను 0.98తో గుణించాలి. రెండూ ఒకటే! ఈ మోటారు స్టార్టింగ్ టార్క్, ఫుల్ లోడ్ టార్క్ సమానం, కరెంట్ మాత్రం ఐదు రెట్లు తేడా. (అంకెలు ఇలా సరిపోయేలా నేనే ఎంచుకున్నాను. ప్రతి మోటారులోనూ ఇవి సమానంగా ఉండవు.)

ఈ రెండు చివరల మధ్య ఏం జరుగుతుందో ఇప్పుడు ఊహించడం కష్టం కాదు. స్లిప్ సున్నా నుంచి పెరుగుతుంటే మొదట్లో ఆలస్యం లెక్కలోకి రాదు, కరెంట్ పెరిగినంతా టార్క్ పెరుగుతుంది. అందుకే అక్కడ కర్వ్ దాదాపు సరళరేఖ. లోడ్ సగమైతే స్లిప్ కూడా సుమారు సగమే. స్లిప్ ఇంకా పెరిగేకొద్దీ ఆలస్యం ముదురుతుంది. రియాక్టెన్స్ సరిగ్గా రెసిస్టెన్స్‌కు సమానమైనచోట, 45 డిగ్రీల ఆలస్యం దగ్గర, టార్క్ గరిష్ఠం. మన మోటారులో అది స్లిప్ 0.2 దగ్గర, అంటే 1200 ఆర్‌పీఎం. అక్కడ టార్క్ ఫుల్ లోడ్‌కు 2.6 రెట్లు. ఫార్ములాగా రాస్తే:

T / Tmax = 2 / (s/sm + sm/s), ఇక్కడ s అంటే స్లిప్, టార్క్ గరిష్ఠమయ్యే స్లిప్ sm = R/X

1500 నుంచి 1200 దాకా ఉన్న వైపున లోడ్ పెరిగితే వేగం కొంచెం తగ్గుతుంది, తగ్గితే టార్క్ పెరుగుతుంది, మోటారు నిలదొక్కుకుంటుంది. 1200 దాటి కిందికి జారితే మాత్రం తగ్గిన కొద్దీ టార్క్ కూడా తగ్గుతుంది. లిఫ్ట్ లాంటి స్థిరమైన లోడ్ ఉంటే ఇక ఆగేదాకా ఆగదు.

స్లిప్ రింగుల ద్వారా రోటర్‌కు బయట 0.8 ఓమ్ కలిపితే ఏమవుతుందో చూడండి. మొత్తం రెసిస్టెన్స్ 1 ఓమ్, రియాక్టెన్స్‌కు సమానం. స్టార్టింగ్‌లోనే ఆలస్యం 45 డిగ్రీలకు దిగుతుంది. టార్క్ ఫుల్ లోడ్‌కు 2.6 రెట్లవుతుంది, కరెంట్ మాత్రం ఐదు రెట్ల నుంచి 3.6 రెట్లకు తగ్గుతుంది. రెసిస్టెన్స్ పెంచితే, కరెంట్ తగ్గితే, టార్క్ పెరగడమేమిటని చాలామంది తికమకపడతారు. పెరిగింది కరెంట్ కాదు, కరెంట్ సమయపాలన. వేగం అందుకున్నాక ఆ రెసిస్టెన్స్‌ను తీసేయాలి. గాలి సందు దాటి రోటర్‌కు వచ్చిన పవర్‌లో స్లిప్ ఎంతో అంత వాటా రోటర్ సర్క్యూట్‌లో వేడిగానే పోతుంది, దాన్ని తప్పించుకునే దారి లేదు. 4 శాతం స్లిప్‌కు 4 శాతం. స్లిప్ 1 దగ్గర మొత్తం వేడే.

పై లెక్కలో స్టేటర్‌లో పోయే వోల్టేజ్‌ను నేను వదిలేశాను. నిజం మోటారులో స్టార్టింగ్ కరెంట్‌కు స్టేటర్‌లోనే కొంత వోల్టేజ్ పడిపోతుంది, ఫీల్డ్ కాస్త సన్నగిల్లుతుంది. కేజ్ మోటారులో లోతైన బార్లు ఉంటే 50 హెర్ట్జ్ దగ్గర కరెంట్ బార్ పైభాగానికి నెట్టుకుపోయి, రెసిస్టెన్స్ దానంతటదే పెరుగుతుంది, 2 హెర్ట్జ్ దగ్గర మళ్ళీ తగ్గుతుంది. అందుకే ఆ మోటార్ల కర్వ్ స్టార్టింగ్ వైపు మన ఫార్ములా చెప్పినదానికన్నా పైన ఉంటుంది.

చివరగా సప్లై వోల్టేజ్ 80 శాతానికి పడిపోయిందనుకుందాం. బయటి రెసిస్టెన్స్ లేదు, లోడ్ ఎప్పటిలాగే ఫుల్ లోడ్ టార్క్ అడుగుతోంది. ఫీల్డ్ 80 శాతం, రోటర్ వోల్టేజ్ కూడా 80 శాతం. రెండిటి లబ్ధమే టార్క్ కాబట్టి, ఒకే స్లిప్ దగ్గర టార్క్ 64 శాతానికి దిగుతుంది. గరిష్ఠ టార్క్ 2.6 నుంచి 1.66 రెట్లకు వచ్చింది, అయినా లోడ్ కన్నా ఎక్కువే. కాబట్టి తిరుగుతున్న మోటారు ఆగదు. స్లిప్ సుమారు 6.7 శాతానికి పెరిగి, 1400 ఆర్‌పీఎం దగ్గర కుదురుకుంటుంది. రోటర్ కరెంట్ దాదాపు 1.3 రెట్లు, రోటర్‌లో వేడి 1.67 రెట్లు. చెవికి పెద్దగా తేడా తెలియదు, వేడి మాత్రం నెమ్మదిగా ఎక్కుతుంటుంది.

అదే మోటారును ఆపి మళ్ళీ స్విచ్ వేయండి. స్టార్టింగ్ టార్క్ లోడ్‌కు కావలసినదానిలో 64 శాతమే. షాఫ్ట్ కదలదు, మోటారు గుయ్యిమంటుంది. మామూలుగా స్టార్ట్ అయిన కొన్ని సెకన్లకు వెనక్కి దిగిపోవలసిన ఆమ్మీటర్ ముల్లు పైనే అంటుకుపోతుంది. అప్పుడు ఓవర్‌లోడ్ రిలే కోసం ఎదురు చూడకండి, స్విచ్ తీసేయండి. వార్నిష్ మాడిన వాసన వచ్చేదాకా ఉంటే మిగిలేది రీవైండింగే.