రాత్రి పూటకు ఉప్పుడు పిండి: అమ్మమ్మ ఉత్తరం

చెన్నై, పశ్చిమ మాంబళం

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్లకూ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న మీరు ఫోన్ చేసినప్పుడు, ఇంట్లో కూరగాయలేమీ లేవని నేను అనగానే, "అయితే రాత్రికి మీరిద్దరూ ఏం తింటారు?" అని కంగారుగా అడిగారు. ఫోనులో రెండు మాటలతో తేలే సంగతి కాదు కనుక తీరికగా రాస్తున్నాను. మోకాళ్ల నొప్పితో రెండో అంతస్తు మెట్లు దిగి ఎక్కడం మాకు కష్టం కాబట్టి అంగడికి పది పన్నెండు రోజులకొకసారి మాత్రమే వెళ్తాము. పగటి భోజనానికి పప్పు, చారు ఎలాగో సమకూరుతాయి. చిక్కు వచ్చేది సాయంత్రమే, ఎందుకంటే అప్పటికి ఒంట్లో ఓపిక తగ్గిపోతుంది, ఆకలి కూడా మందంగా ఉంటుంది, "ఈ పూటకు రెండు బిస్కెట్లు, ఒక గ్లాసు పాలు చాలులే" అనిపిస్తుంది. ముసలివాళ్లు నీరసపడిపోవడానికి ఈ "చాలులే" ఒక పెద్ద కారణం. కండ కరిగిపోయే వయసులోనే మాంసకృత్తులు తగ్గించుకుంటే కాళ్లలో పట్టు ఇంకా తగ్గుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవారికి శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 55 కిలోల మీ తాతయ్యకు దాదాపు 46 గ్రాములు. ఇది పగటి భోజనం ఒక్కదానితో తీరేది కాదు.

అందుకని మా రాత్రి భోజనానికి నేను పట్టుకున్న ఆధారం రెండే వస్తువులు: బియ్యపు రవ్వ, పెసరపప్పు. ఈ రెండూ డబ్బాలో ఉన్నంతకాలం ఆ పూటకు అంగడితో పని లేదు. కూరగాయ ఉంటే అందులో పడుతుంది, లేకపోతే లేదు. ఈ రెండింటితో మా పుట్టింట్లో ఏకాదశి నాడూ, ఒంట్లో బాగాలేనప్పుడూ చేసే ఉప్పుడు పిండినే ఇక్కడ మేము వారంలో చాలా రాత్రులు తింటున్నాము. కందిపప్పు కంటే పెసరపప్పు తొందరగా ఉడుకుతుంది, కడుపులో తేలికగా ఉంటుంది, కుక్కరు ఎక్కించే పని లేదు.

ఇద్దరికి కొలత చెబుతాను. మనింట్లో కాఫీ తాగే గ్లాసు కాదు, నీళ్లు తాగే స్టీలు గ్లాసు, సుమారు 200 మిల్లీలీటర్లది, తీసుకోండి. దానితో ముప్పావు గ్లాసు బియ్యపు రవ్వ, పావు గ్లాసు పెసరపప్పు, మూడు గ్లాసుల నీళ్లు. మీ వయసు వాళ్లకైతే రెండున్నర గ్లాసుల నీళ్లు చాలు, పొడిపొడిగా వస్తుంది. కట్టుడు పళ్లతో తినే మాకు మూడు కావాలి. సాయంత్రం దీపం పెట్టే వేళకు పప్పు కడిగి నానబెడితే అరగంటలో సిద్ధమవుతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు చెంచాల నూనె వేసి ఆవాలు, కొద్దిగా మినప్పప్పు, జీలకర్ర, రెండు ఎండు మిరపకాయలు, తురిమిన అల్లం, కరివేపాకు, చిటికెడు ఇంగువ వేస్తాను. పోపులో శనగపప్పు వేయను, ఎందుకంటే అది పళ్ల కింద రాయిలా తగులుతుంది. పోపు వేగగానే నీళ్లు పోసి, ముప్పావు చెంచా ఉప్పు వేసి, మరగబోతుండగా నానిన పప్పు వేస్తాను. ఇక్కడ తొందరపడకూడదు. పప్పు గింజను వేళ్ల మధ్య నొక్కి చూడాలి: రెండుగా చిట్లి, లోపల ఇంకా కొద్దిగా పలుకు తగలాలి, మెత్తగా మెదిగిపోకూడదు. ఆ స్థితి రావడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. అప్పుడు మంట బాగా తగ్గించి, ఒక చేత్తో రవ్వను సన్నని ధారగా పోస్తూ మరో చేత్తో కలుపుతూ పోవాలి.

తరువాత మూత పెట్టే పద్ధతి మా అమ్మ నేర్పినది. గిన్నె మీద గుంట ఉన్న పళ్లెం పెట్టి, ఆ పళ్లెంలో అర గ్లాసు నీళ్లు పోయాలి. పళ్లెం చల్లగా ఉంటుంది కాబట్టి పైకి లేచిన ఆవిరి నీటిచుక్కలుగా మళ్లీ రవ్వ మీదికి దిగుతుంది; పైన ఉన్న నీళ్లు కూడా వేడెక్కుతూ ఉంటాయి. పది పన్నెండు నిమిషాల తరువాత మూత తీసి, గరిట కాడతో ఒక్కసారి కింది నుంచి పైకి తిప్పి, నాలుగు గింజలు నలిపి చూడండి. రవ్వ పలుకుగా ఉంటే, మూత మీది వేడి నీళ్లనే రెండు మూడు చెంచాలు చల్లి మళ్లీ మూయాలి. చన్నీళ్లు చల్లితే ఉడుకు ఆగిపోయి, పైన తడి, లోపల పలుకు మిగులుతాయి. పొయ్యి ఆపాక కూడా పది నిమిషాలు మూత తీయకుండా ఉంచితే చివరి పలుకు కూడా మెత్తబడుతుంది.

ఎక్కడ చెడుతుందో కూడా తెలుసుకోండి. నీళ్లు మరగకముందే రవ్వ పోసినా, ఒక్కసారిగా కుమ్మరించినా ఉండలు కడుతుంది. ఆ ఉండ విప్పితే లోపల తెల్లటి పచ్చి పిండి కనబడుతుంది. మంట ఎక్కువైతే అడుగు మాడిన వాసన వస్తుంది గాని పై రవ్వ ఉడకదు. అలాంటప్పుడు అడుగు కదపకుండా పైభాగాన్ని మరో గిన్నెలోకి తీసి, వేడి నీళ్లు చల్లి మగ్గించాలి. ఇంకొక సంగతి, ఏడాది పాతబడిన బియ్యం ఎక్కువ నీళ్లు తాగుతుంది, కొత్త బియ్యపు రవ్వకు అదే కొలత పోస్తే జావ అవుతుంది. అందుకే కొత్త పొట్లం తెరిచిన మొదటి రోజు పావు గ్లాసు నీళ్లు తగ్గించి పోసి, కావాలంటే తరువాత చల్లుకుంటాను.

ఇక కూరగాయ. అంగడి నుంచి తెచ్చినప్పుడే నేను మనసులో వరుస పెట్టుకుంటాను. తోటకూర, పాలకూర మొదటి రెండు రోజులకే. తరువాత బీరకాయ, చిక్కుడు. ఆ తరువాత క్యారెట్, క్యాబేజీ. చివరి రోజులకు బంగాళాదుంప, కంద, పగలగొట్టని గుమ్మడికాయ. గుమ్మడికాయ చెడకుండా ఉండేది కోయనంతవరకే. కోసిన తరువాత లోపలి గింజలూ పీచూ తీసేసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఉంటుంది, తీయకపోతే అక్కడి నుంచే కుళ్లడం మొదలవుతుంది. బంగాళాదుంపలూ ఉల్లిపాయలూ ఒకే బుట్టలో ఉంచకూడదు, రెండూ త్వరగా మొలకెత్తి మెత్తబడతాయి. దుంప మీద ఆకుపచ్చ రంగు వస్తే ఆ భాగం లోతుగా చెక్కేయాలి, ఎక్కువగా పచ్చబడినది పారేయాలి. ఉప్పుడు పిండిలో గుప్పెడు గుమ్మడి ముక్కలో, తరిగిన తోటకూరో పప్పుతో పాటే వేస్తే వేరే కూర అక్కరలేదు. పక్కన ఒక గ్లాసు మజ్జిగ ఉంటుంది. ఊరగాయ మాత్రం మీ తాతయ్య రక్తపోటు వల్ల పళ్లెం దగ్గరకు రానివ్వను. దాని బదులు నిమ్మకాయ పిండుతాను.

2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచాంగ్ తుఫాను వానలు పడినప్పుడు మా వీధిలో నీళ్లు నిలిచి, కరెంటు పోయి, పాల పాకెట్లు కూడా దొరకలేదు. అప్పుడు ఈ పద్ధతి ఎంత పనికొచ్చిందో వివరంగా చెబుతాను. ఫ్రిజ్ ఆగిపోగానే ముందు చెడేవి ఏవో వాటినే ముందు వాడాను: మొదటి రాత్రి, కోసి ఉంచిన గుమ్మడి ముక్కతో ఉప్పుడు పిండి, మిగిలిన పెరుగంతా మజ్జిగగా. మరుసటి రాత్రి పెరుగు లేదు కనుక పెసరపప్పు పలుచగా ఉడికించి, జీలకర్ర, మిరియాల పొడి, నిమ్మరసంతో కట్టు చేసి, మెత్తటి అన్నంలో పోసుకున్నాము. తరువాత ఉప్పుడు పిండిలోకి బంగాళాదుంప, అదీ అయిపోయాక ఒట్టి ఎండు కరివేపాకు పోపు. నీళ్లు మాత్రం మరిగించి చల్లార్చినవే తాగాము. గ్యాసు పొయ్యి, రెండు డబ్బాలు, నాలుగు నిమ్మకాయలు ఉన్నాయి కాబట్టి ఎవరినీ నడుంలోతు నీళ్లలో పంపవలసిన అవసరం రాలేదు.

ఎక్కువ చేసి దాచుకుంటే రెండు రోజులకు వస్తుంది కదా అని మీరు అడగవచ్చు. ఈ ఊరి వేడిలో వండిన బియ్యపు పదార్థాన్ని రాత్రంతా బయట ఉంచకూడదు. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మక్రిముల బీజాలు ఉడికినా చావవు. వెచ్చగా ఉన్న అన్నంలో అవి పెరిగి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. జిగురు సాగినా, పులిసిన వాసన వచ్చినా పారేయడం తేలికే, కానీ వాసన లేకుండా కూడా చెడి ఉండవచ్చు. అందుకే ఇద్దరికి సరిపడా కొలిచి వండుతాను. ఒకవేళ మిగిలితే గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పొగలు వచ్చేలా వేడి చేసి తింటాము.

ఇది అందరు ముసలివాళ్లకూ ఒకేలా సరిపోదని కూడా గుర్తుంచుకోండి. చక్కెర వ్యాధి ఉన్నవారికి బియ్యపు రవ్వ బదులు గోధుమ రవ్వ, పప్పు మరికాస్త, కూర ముక్కలు రెట్టింపు మంచిది. అయితే రాత్రి మాత్రలు వేసుకునేవారు కొలత ఒక్కసారిగా తగ్గించకుండా డాక్టరును అడగాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే పప్పు ఎంత తినాలో డాక్టరే చెప్పాలి. తినేటప్పుడు మాటిమాటికీ పొలమారుతుంటే, దగ్గు వస్తుంటే పొడి పదార్థం పెట్టడం మాని, గట్టి జావలా చేసి, ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి.

మీరు పొంగలికి వచ్చేటప్పుడు ఏం తేవాలని అడిగారు కదా. పెసరపప్పు అర కిలో చాలు, అంతకు మించి వద్దు. ఇక్కడి ఉప్పగాలి తేమకు మూడు నెలలు దాటితే డబ్బా అడుగున పిండి రాలి, గింజల్లో చిన్న చిల్లులు పడతాయి. ఇక్కడి అంగడిలో కొనేటట్లయితే పాసిపరుప్పు అని అడగండి. బియ్యపు రవ్వ కిలో పాకెట్ తీసుకునేముందు అది ఇడ్లీ రవ్వ కాదని చూసి తీసుకోండి. ఇడ్లీ రవ్వ ఎక్కువగా ఉప్పుడు బియ్యంతో చేస్తారు, నేను చెప్పిన నీళ్ల కొలత దానికి సరిపోదు. తెచ్చిన రవ్వను నేను మూకుడులో సన్నటి మంట మీద వెచ్చజేసి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోస్తాను. రెండు నిమ్మకాయలు, ఒక చిన్న గుమ్మడికాయ, ముచ్చిక పచ్చగా కాక ఎండి గట్టిగా ఉన్నది, చూసి తెండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ